పొట్టు తీసిన శనగగింజ

జగ్గయ్యపేటలో కృష్ణయ్య సిద్ధాంతిగారి పేరు తెలియని వాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఆయన కళ్ళు మూసుకుని జాతకం చెప్పేవాడు. ఆ మూసుకోవడం చూసి జనం ముచ్చటపడేవాళ్ళు. పెద్దాయనకు ఉపాసన ఉందనీ, గ్రహాలు లోపలే కనిపిస్తాయనీ వత్సవాయి నుంచి వీరులపాడు దాకా చెప్పుకునేవాళ్ళు. అసలు సంగతి కూతురు సౌభాగ్యమ్మకు ఒక్కదానికే తెలుసు. ఆయనకు చూపు పోయింది. తెరిచినా మూసినా ఒకటే అయినప్పుడు మూసుకోవడమే మర్యాదగా ఉంటుందని మూసుకునేవాడు.

సౌభాగ్యమ్మకు పద్నాలుగో ఏట పెళ్ళయింది. పదహారో ఏట మొగుడు రంగూన్‌లో గుమాస్తా పనికని ఓడెక్కాడు. రెండు ఉత్తరాలు రాశాడు. ఆ తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయాయి. ఉన్నాడని చెప్పేవాళ్ళు లేరు, పోయాడని చెప్పేవాళ్ళూ లేరు. నుదుట బొట్టు అలాగే ఉంది, చేతులకు గాజులు అలాగే ఉన్నాయి, ఆమె మాత్రం తండ్రి ఇంట్లోనే ఉండిపోయింది. తల్లి అంతకుముందే పోయింది. ఊరికే కూర్చోలేక తండ్రి పంచాంగం తీసి గుణకారాలు మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి లగ్నం కట్టడం, గ్రహాలకు భాగలు తేల్చడం, నవాంశ చక్రం వెయ్యడం అన్నీ వచ్చేశాయి. ఆయన కంటి మీద పొర కమ్ముకుంటున్న రోజులూ అవే.

చూపు పోతోందని ఎవరికైనా తెలిస్తే ఇంకెవరూ గడప తొక్కరని ఆయన భయం. ఆ భయం అబద్ధమేమీ కాదు. పంచాంగం చదవలేని సిద్ధాంతి దగ్గరికి ఎవరొస్తారు? కూతురు చదివి చెబుతుందంటే, ఆడపిల్ల వేసిన లెక్క మీద ఎవరు ముహూర్తం పెట్టుకుంటారు? అందుకని సౌభాగ్యమ్మ ఒక ఉపాయం చేసింది.

వడ్రంగి చేత పన్నెండు గళ్ళ చెక్కపళ్ళెం ఒకటి చేయించింది. గడికొక రాశి, లగ్నం గడి అంచున చిన్న గాటు. నవధాన్యాలు ఏ గ్రహానివి ఆ గ్రహానికి ఉండనే ఉన్నాయి: సూర్యుడికి గోధుమ, చంద్రుడికి వడ్లగింజ, కుజుడికి కంది, బుధుడికి పెసర, గురువుకు శనగ, శుక్రుడికి అలసంద, శనికి నువ్వు, రాహువుకు మినుము, కేతువుకు ఉలవ. వచ్చినవాళ్ళు పుట్టిన తేదీ, వేళ చెబుతుంటే ఆమె తలుపు వెనక కూర్చుని లెక్క కట్టేది. సిద్ధాంతిగారు ఈలోపు జపం చేసుకునేవాడు. లెక్క తేలాక గింజలు పళ్ళెంలో సర్ది, పూజాద్రవ్యం లాగా తెచ్చి ముందు పెట్టేది. ఆయన వేళ్ళతో తడిమి చక్రం మొత్తం చదివేసేవాడు. జనం చూసి గ్రహాలకు ధాన్యం సమర్పిస్తున్నాడనుకునేవాళ్ళు.

గ్రహం ఏ రాశిలో ఉందో గడి చెబుతుంది. దాని బలం చెప్పేదెలా? దానికీ ఇద్దరూ కలిసి గుర్తులు పెట్టుకున్నారు. వర్గోత్తమమైతే రెండు గింజలు. అస్తంగతమైతే పొట్టు తీసిన గింజ. రెండూ అయితే పొట్టు తీసినవి రెండు.

ఈ రెండు మాటలూ ఆయన ఆమెకు ఇలా నేర్పాడు. "రాశికి ముప్ఫై భాగలు, దాన్ని తొమ్మిది ముక్కలు చెయ్యమ్మాయ్. ఆ ముక్కే నవాంశ, మూడు భాగల ఇరవై లిప్తలు. నక్షత్ర పాదం ఎంతో అదీ అంతే. రాశిచక్రంలో గ్రహం ఏ రాశిలో ఉందో నవాంశలోనూ అదే రాశిలో పడితే వర్గోత్తమం. చరరాశికి మొదటి ముక్క, స్థిరరాశికి అయిదోది, ద్విస్వభావానికి తొమ్మిదోది. అప్పుడు గ్రహం సొంత ఇంట్లో ఉన్నంత గట్టిగా ఉంటుంది. వర్గోత్తమం అంటే మంచని కాదు, నిలకడ. నీచలో పడ్డ గ్రహం వర్గోత్తమమైతే ఆ నీచ ఫలమూ గట్టిగానే ఇస్తుంది."

"మరి అస్తంగతం?"

"సూర్యుడి దగ్గరికి పోయి వెలుగు పోగొట్టుకోవడం. పెళ్ళిళ్ళు ఆపే మూఢం ఉందే, అదే. పుట్టినప్పుడు ఏ గ్రహానికి మూఢముంటే ఆ గ్రహం జన్మంతా మూఢంలోనే ఉంటుంది. గురువుకైతే పదకొండు భాగల లోపు, బుధుడికి పద్నాలుగు, కుజుడికి పదిహేడు. ఎంత దగ్గరైతే అంత దోషం. సూర్యుడు దాటిపోయాడా, గ్రహం బయటపడుతోందన్నమాట, కొంత నయం. సూర్యుడు ఇంకా మీదికి వస్తున్నాడా, మునుగుతోందన్నమాట. మునిగే గ్రహం తాను ఇవ్వాల్సింది ఇవ్వలేదు. తన సొమ్మంతా సూర్యుడికి అప్పజెప్పేస్తుంది."

"రెండూ ఉంటే ఒకదానికొకటి కొట్టుకుపోతాయా నాన్నగారూ? ఆయుర్దాయం లెక్కలో అస్తంగతుడికి సగం తీసేస్తాం, వర్గోత్తముడికి రెట్టింపు చేస్తాంగా?"

ఆయన నవ్వాడు. "లెక్కలో కొట్టుకుపోతుందే పిచ్చిదానా, బతుకులో కొట్టుకుపోదు. వర్గోత్తమం వేరు సంగతి, వెలుగు వేరు సంగతి. రెండూ ఉంటే ఫలం ఉంటుంది, గట్టిగా ఉంటుంది, కానీ ఆలస్యంగా వస్తుంది, లేకపోతే ఎవరి కంటా పడదు."

అప్పుడే ఆమె తన జాతకం సంగతి అడిగింది. గణితాన్ని ఇచ్చే బుధుడు ఆమెకు కన్యలో, చిత్త రెండో పాదంలో ఉన్నాడు. సొంత ఇల్లు, వర్గోత్తమం. నాలుగు భాగల వెనక, చిత్త మొదటి పాదంలో సూర్యుడు. సూర్యుడంటే తండ్రి. "బుధుడు ఎప్పుడూ సూర్యుడి చుట్టే తిరుగుతాడమ్మా, ఆయనకు మూఢం అంత లెక్కలోది కాదు" అన్నాడు ఆయన. అది శాస్త్రంలో ఉన్నమాటే. కానీ ఆమె అడిగిందానికి అది జవాబు కాదు.

పన్నెండేళ్ళు పళ్ళెం ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

పందొమ్మిది వందల యాభై నాలుగు శ్రావణంలో నందిగామ నుంచి రత్తయ్య, పున్నమ్మ వచ్చారు. రత్తయ్య మోతుబరి రైతు, ఊళ్ళో తగవులు తీర్చే మనిషి. పెళ్ళై పద్నాలుగేళ్ళయినా పిల్లల్లేరు. రెండు నెలల కిందట పున్నమ్మ చెల్లెలు మగపిల్లాణ్ణి కని చచ్చిపోయింది. పిల్లాణ్ణి పున్నమ్మే తెచ్చుకుని మేకపాలు పట్టి సాకుతోంది. ఆ పిల్లాడి తండ్రి వచ్చే నెలలో మారుమనువు చేసుకుంటున్నాడు. వీళ్ళు దత్తత తీసుకుంటే సరే, లేకపోతే కొత్తగూడెం బొగ్గు గనుల్లో ఉన్న తన అక్కకు ఇచ్చేస్తానని కబురు పెట్టాడు.

"నాకేం అభ్యంతరం లేదండీ సిద్ధాంతిగారూ" అన్నాడు రత్తయ్య. "కానీ రేపు మాకే ఒకడు పుట్టాడనుకోండి. అప్పుడు ఈడు పరాయోడైపోతాడు. ఈడికీ అన్యాయమే, ఆడికీ అన్యాయమే. మాకు కలగరు అని మీరు చెబితే ఈ రోజే రాసేసుకుంటా. కలుగుతారంటే మాత్రం ఆగుతా. మీ మాటే మాట."

పున్నమ్మకు పుట్టినవేళ ఎవరూ రాసిపెట్టలేదు. రత్తయ్య జాతకమే ఆధారం. ఆమె గోడవారగా కూర్చుని ఒక్కటే మాట అంది, "పిల్లాడు నా చెయ్యి పట్టుకుని పడుకుంటున్నాడండీ" అని. రత్తయ్య ఆమె వైపు చూస్తే తల దించుకుంది.

తలుపు వెనక సౌభాగ్యమ్మ గబగబా లెక్క కట్టింది. వృశ్చిక లగ్నం. సంతానస్థానం మీనం, దానికి అధిపతి గురువు. పుత్రకారకుడూ గురువే. అంటే సంతానం భారమంతా ఒక్క గురువు మీదే ఉంది. ఆ గురువు పదో ఇంట సింహంలో అయిదో భాగలో ఉన్నాడు. పక్కనే నాలుగో భాగలో సూర్యుడు. ఒక్క భాగ దూరం, సూర్యుడింకా మీదికి వస్తున్నాడు. ఏమన్నా ఆదుకుంటుందేమోనని నవాంశ చూసింది. మఖ రెండో పాదం, నవాంశలో వృషభం, శత్రువు ఇల్లు. సింహంలో వర్గోత్తమం కావాలంటే పుబ్బ మొదటి పాదం కావాలి, అది ఎనిమిది భాగల అవతల ఉంది. పదింట తన ఇంట్లోనే ఉన్న సూర్యుడు రత్తయ్యకు ఊళ్ళో పరపతి ఇచ్చాడు. గురువు తన ఫలం తెచ్చి ఆ సూర్యుడి చేతిలో పోశాడు. పిల్లలు కలగరు. ఆమెకు ఆ మాట తోచగానే మనసు తేలికపడింది. ఆ పసివాడికి తల్లి దొరికిందనుకుంది.

కంది, పెసర లాగే శనగతోనూ ఒక చిక్కు. పొట్టు తీస్తే రెండు బద్దలవుతుంది. అందుకని అస్తంగత గురువుకు ఎప్పుడూ ఒక్క బద్దే పెట్టేది, పెట్టెలో విడిగా దాచి ఉంచేది. ఆ రోజు చూస్తే బద్ద పురుగుపట్టి పిండై ఉంది. వంటకని నానేసిన శనగల్లోంచి ఒక గింజ తీసి పొట్టు ఒలిచింది. గింజ విడిపోకుండా నిండుగా వచ్చింది. అదే సింహం గడిలో గోధుమ పక్కన పెట్టింది. తండ్రి ఎదురుచూస్తున్నాడన్న తొందరలో ఇంకేమీ ఆలోచించలేదు.

పళ్ళెం తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళింది. ఆయన వేళ్ళు గళ్ళ మీద నడిచాయి. సింహం దగ్గర ఆగాయి. బొటనవేలు శనగ మీద పడింది, నొక్కింది. గింజ రెండుగా విడిపోయింది. ఆయన ఒక బద్ద తడిమాడు, రెండో బద్ద తడిమాడు.

"రెండు" అనుకున్నాడు పైకే. ఆ ముఖం వెలిగిపోయింది. "రత్తయ్యా! గురువు అస్తంగతుడయ్యాడు. ఇన్నాళ్ళూ పిల్లల్లేకపోవడం అందుకే. కానీ వర్గోత్తముడు! వెలుగు పోయిందేగాని వేరు గట్టిది. ఆలస్యమవుతుంది, తప్పదు. మీకు పుత్రుడున్నాడు."

పొరపాటు జరిగితే గాజులు గలగల్లాడించాలని తండ్రీకూతుళ్ళకొక ఏర్పాటుంది. సౌభాగ్యమ్మ గట్టిగా ఊపింది. ఆయన ఆ సంతోషంలో, "అమ్మాయి మజ్జిగ తెస్తోంది, పుచ్చుకుని వెళ్ళండి" అన్నాడు.

మజ్జిగ గ్లాసులు పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. పళ్ళెంలో రెండు బద్దలు వెల్లకిలా పడి ఉన్నాయి. చూడగానే అర్థమైంది. నోరు తెరిస్తే చాలు. 'నాన్నగారూ, అది ఒక్క గింజే' అంటే చాలు. కానీ ఆ మాటతో ఆయన గుడ్డితనం, పన్నెండేళ్ళ పళ్ళెం, ఉపాసన పేరు అన్నీ ఆ అరుగు మీదే బయటపడతాయి. ఆ కళ్ళు మూసుకున్న ముఖం వంక చూసింది. అంత సంతోషంగా ఆ ముఖం ఆమె చాలా కాలంగా చూడలేదు. పున్నమ్మ వంక చూడలేకపోయింది. గ్లాసులు కింద పెట్టి లోపలికి వచ్చేసింది. ఆమె చేసిన పాపం ఇంతే. దీన్ని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు.

"మరి పిల్లాణ్ణి..." అంటోంది బయట పున్నమ్మ.

"తొందరెందుకమ్మా? నీ కడుపున పుట్టేవాడు ఉన్నాడంటుంటే!" అన్నాడు సిద్ధాంతిగారు.

వాళ్ళు వెళ్ళాక సౌభాగ్యమ్మ తండ్రికి జరిగింది చెప్పింది. ఆయన చాలాసేపు రెండు బద్దలనూ వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించి చూశాడు. సరిగ్గా అతుక్కున్నాయి.

"ఎన్ని భాగల దూరం?"

"ఒక్క భాగ."

"దాటాడా?"

"దాటలేదు నాన్నగారూ. మీదికొస్తున్నాడు."

"మిత్రుడి ఇల్లు కదే. కేంద్రం కూడానూ..."

"ఆ బలం పరపతికి పోయింది. మీరు నేర్పిందే."

ఆమె ఆ పూటే ఆయన పేరు మీద రత్తయ్యకు కార్డు రాసింది: జాతకం మళ్ళీ పరిశీలించాము, గురువుకు వర్గోత్తమ బలం లేదు, సంతానయోగం కనబడదు, బిడ్డను వెంటనే దత్తత చేసుకోవలసినది. చదివి వినిపించింది. ఆయన చెయ్యి చాపి కార్డు తీసుకున్నాడు.

"ఇవాళ ఉందన్నవాణ్ణి, రేపు లేదంటే ఏమనుకుంటారు? బుధవారం దాకా ఆగు. నేనే ఒక మాట ఆలోచించి చెబుతా."

కార్డు ఆయన పడుకునే చాప కింద ఉండిపోయింది. బుధవారం వచ్చింది, పోయింది. ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. ఇంకో కార్డు కొని తానే రాసి పోస్టులో వెయ్యవచ్చు, ఎవరూ ఆపేవాళ్ళు లేరు. తండ్రి వద్దన్న పని చెయ్యడం ఆమెకు చేతకాలేదు. పదిహేను రోజులకు నందిగామ నుంచి వచ్చిన మనిషి ఎవరో అరుగు మీద మాటల్లో చెప్పాడు, రత్తయ్యగారి మరదలి కొడుకును కొత్తగూడెం పంపించేశారని, బస్సు కదిలేటప్పుడు పున్నమ్మ రోడ్డు మీదే కూలబడిందని.

ఆ తర్వాత కృష్ణయ్యగారు ప్రతి గింజనూ రెండుసార్లు తడిమేవాడు. ఎవరికీ గట్టిగా 'తప్పదు' అని చెప్పలేదు. ఆరేళ్ళకు పోయాడు. ఊరు ఊరంతా వచ్చింది. అంతటి గణితం తెలిసినవాడు ఇక పుట్టడని అరుగు మీద నిలబడి ఎవరో అన్నారు. సౌభాగ్యమ్మ లోపల ఏడుస్తూ ఆ మాట వింది. ఆమెకు కోపం రాలేదు. తండ్రి మీద ప్రేమ అంత గట్టిది. చాప ఎత్తుతుంటే కింద కార్డు దొరికింది.

దాన్ని పెట్టెలో పెట్టుకుని ఇంకో మూడేళ్ళు గడిపింది. ఆయన లేకపోయేసరికి జాతకాలకు ఎవరూ రాలేదు, విస్తళ్ళు కుట్టుకుని బతికింది. అరవై మూడు మాఘంలో ఒక పొద్దున లేచి, ఆ కార్డు కొంగున ముడివేసుకుని నందిగామ బస్సెక్కింది. పున్నమ్మకు నిజం చెప్పేస్తే తప్ప తనకు ఊపిరాడదనిపించింది. తిట్టినా సరే, కొట్టినా సరే, తన తప్పు తన పేరు మీద ఉంటే చాలనుకుంది.

పున్నమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. జుట్టు సగం నెరిసింది. చూడగానే గుర్తుపట్టి, "అమ్మో, సిద్ధాంతిగారి అమ్మాయా!" అంటూ మంచం వాల్చింది. రత్తయ్య పొలం వెళ్ళాడు. ఇల్లు శుభ్రంగా ఉంది. దూలానికి ఉయ్యాల గొలుసులు వేలాడుతున్నాయి, తుప్పు పట్టకుండా నూనె రాసి ఉన్నాయి.

సౌభాగ్యమ్మ కార్డు తీసి చేతికిచ్చింది.

"నాకు చదువు రాదమ్మా, మీరే చదవండి."

చదివింది. తొమ్మిదేళ్ళ కిందటి తేదీతో సహా చదివింది. పున్నమ్మ ముఖంలో రంగు పోయింది. సౌభాగ్యమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది, తండ్రికి చూపు లేని సంగతి, పళ్ళెం సంగతి, నానిన శనగ సంగతి, గ్లాసులు పట్టుకుని నోరు మూసుకున్న సంగతి. "లెక్క నాదే పున్నమ్మగారూ. ఆయన పేరు మీద ఆ పన్నెండేళ్ళూ లెక్క కట్టింది నేను. ఆ గింజ పెట్టింది నేను. తప్పని తెలిసీ చెప్పనిదాన్ని నేను. మీ ఆయన జాతకంలో గురువు వర్గోత్తముడు కాడు. మీకు బిడ్డ కలగడని నాకు ఆ రోజే తెలుసు."

పున్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత దగ్గరికి వచ్చి సౌభాగ్యమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"తండ్రి పోయిన దుఃఖం ఎంతటిదో నాకు తెలుసమ్మా. అది మనిషి చేత ఏమైనా మాట్లాడిస్తుంది. ఆ మహానుభావుడికి చూపు లేకపోవడమేంటి? కళ్ళు మూసుకుని మా ఆయన పుట్టుక మొత్తం చెప్పాడు, నేను చూశాగా! మీరు లెక్క కట్టడమేంటమ్మా, ఇంట్లో ఉండే ఆడమనిషి. ఆయన మీద ఎవరో ఏదో అన్నారు, ఆ మాట మీ మీద వేసుకోవాలని వచ్చారు. బంగారు తల్లివి."

"కాదండీ, నిజం..."

"పోనీలేమ్మా." ఆమె కళ్ళు తుడుచుకుని, మాట తగ్గించి అడిగింది. "నాకు ఈ నెల కూడా కొంచెం ఆలస్యమైంది. నలభై రెండు నిండాయి, జనం నవ్వుతారని ఎవరికీ చెప్పలా. ఆలస్యమవుతుంది, తప్పదు అన్నాడుగా పెద్దాయన. ఆయన మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఉన్నా. ఉయ్యాల కూడా తియ్యనివ్వలా. ఆయనే ఉంటే ఇంకోసారి వచ్చి చూపించుకునేదాన్ని."

సౌభాగ్యమ్మ కార్డు మడిచి మళ్ళీ కొంగున కట్టుకుంది. పున్నమ్మ లోపలికి వెళ్ళి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె తాగింది.